ఇన్వర్టర్ బ్యాటరీకి ‘అయిదేళ్ల వారంటీ’: కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఏముంది?

ప్రశ్న: “గత వారం ఊళ్లో ఇంటికి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కొన్నాం. బిల్లు తేదీ 2025 నవంబరు 14. షాపాయన అయిదేళ్ల వారంటీ అన్నాడు. కార్డు మీద మాత్రం 36 నెలలు ఫుల్ రీప్లేస్‌మెంట్, 24 నెలలు ప్రో-రేటా అని ఉంది. వెనకవైపు అక్షరాలు చాలా చిన్నవి, ఫోటోలు పెడుతున్నాను. అక్కడ అమ్మానాన్నలే ఉంటారు, వాళ్లకు ఇంగ్లీషు రాదు. నాలుగో ఏట బ్యాటరీ పోతే కొత్తది ఇస్తారా? షరతులు ఎవరైనా తెలుగులో చెప్పగలరా?”

సమాధానం:

ఉచితంగా ఇవ్వరండి. మీ బ్యాటరీకి ఉచితంగా మార్చే గడువు 2028 నవంబరు 13తో అయిపోతుంది. అక్కడి నుంచి 2030 నవంబరు 13 వరకు ఉన్న ప్రో-రేటా అనేది డిస్కౌంటు మాత్రమే. అంటే పాతది వాళ్లకు అప్పగించి, కొత్తదాన్ని కొంత తగ్గింపుతో మీరు డబ్బులిచ్చి కొనుక్కోవాలి. ఇంకో తేదీ దీనికంటే అర్జెంటు. కార్డు ప్రకారం కొన్న 30 రోజుల్లో, అంటే డిసెంబరు 14 లోపు రిజిస్ట్రేషన్ చేయించాలి. మీ ఫోటోలో డీలర్ సీలు ఉంది గానీ సంతకం గడి ఖాళీగా కనిపిస్తోంది. ముందు ఆ పని చూడండి.

నేను చాలా ఏళ్లు తెనాలిలో బ్యాటరీల షాపు నడిపాను. అమ్మడం కంటే క్లెయిములు చూడటంలోనే ఎక్కువ టైం గడిచింది. ఇలాంటి కార్డులు ముందుపెట్టుకుని కస్టమర్లకు వరస వరసా చదివి చెప్పిన అలవాటుతో మీ ఫోటోలు చదివాను. అన్ని నిబంధనలూ అంత ముఖ్యమైనవి కావు. డబ్బు, గడువు, తిరస్కరణ, ఈ మూడింటికి సంబంధించినవి వివరంగా చెబుతాను.

మొదటి నిబంధన: కార్డు ఎప్పుడు చెల్లుతుంది

కార్డులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెలుగులో పెడితే ఇలా వస్తుంది: “డీలర్ సీలు, సంతకం, అమ్మిన తేదీ ఉండి, కొన్న తేదీ నుంచి 30 రోజుల్లోపు రిజిస్టర్ అయి ఉంటే తప్ప ఈ వారంటీ చెల్లదు. కొనుగోలు రుజువు చూపలేని పక్షంలో వారంటీని తయారీ తేదీ నుంచి లెక్కిస్తారు.”

ఇక్కడ సీలు గానీ సంతకం గానీ అని లేదు. సీలు, సంతకం, తేదీ, రిజిస్ట్రేషన్ నాలుగూ ఉండాలి. ఒక్కటి తగ్గినా కంపెనీకి ‘చెల్లదు’ అనే అవకాశం ఇచ్చినట్టే. ఇలాంటి వాక్యాలను చదివేటప్పుడు ‘అయితే తప్ప’ అన్న ముక్క వదిలేస్తే అర్థం మెత్తబడిపోతుంది. ‘సీలు వేయించుకోవడం మంచిది’ అన్నట్టు వినిపిస్తుంది. కానీ ఇది సలహా కాదండి, షరతు.

రెండో వాక్యాన్ని చాలామంది పట్టించుకోరు. బ్యాటరీ ఫ్యాక్టరీలో తయారయ్యాక గోడౌన్‌లో, షాపులో కొన్ని నెలలు ఉంటుంది. బిల్లు లేకపోతే ఆ నెలలన్నీ మీ వారంటీలోంచి పోతాయి. మీ బ్యాటరీ ఆరు నెలల కిందట తయారైందనుకోండి, మీ 36 నెలలు 30 అవుతాయి. మీరు పెట్టిన ఫోటోలో బిల్లు మెరుస్తున్న పల్చటి కాగితం, అంటే మెషీన్‌లో వేడితో అచ్చయ్యేది. ఆ రకం బిల్లు మూడేళ్లలో తెల్లకాగితం అయిపోతుంది, బీరువాలో దాచినా సరే. కార్డు పోగొట్టుకున్నవాళ్ల కంటే బిల్లు వెలిసిపోయి వచ్చినవాళ్లే నా దగ్గరికి ఎక్కువ.

ఫోటోలు మళ్లీ ఒకసారి పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. కార్డును బల్ల మీద పరిచి, వెనకవైపును నాలుగు భాగాలుగా తీస్తే చిన్న అక్షరాలు చదవగలిగేలా వస్తాయి. ఇంకో ఫోటోలో బ్యాటరీ మీద ఉన్న సీరియల్ నంబరు, పక్కనే కార్డు, బిల్లు మూడూ కలిసి కనిపించాలి. కార్డు మీద డీలర్ చేత్తో రాసిన నంబరులో ఒక అంకె తేడా వచ్చిన కేసులు చూశాను. కొన్న వారంలోనే తేలితే డీలర్ దిద్ది సీలు వేస్తాడు. మూడేళ్ల తర్వాత తేలితే దాన్ని దిద్దుబాటు అనరు, ‘నంబరు మార్చారు’ అంటారు. ఫోటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

రెండో నిబంధన: మార్చి ఇచ్చిన బ్యాటరీకి కొత్త వారంటీ రాదు

“మార్చి ఇచ్చిన బ్యాటరీకి, మొదటి బ్యాటరీ వారంటీలో మిగిలిన కాలం మాత్రమే వర్తిస్తుంది.”

ఉదాహరణకు 2028 జూన్ 20న మీ బ్యాటరీ పాడైంది, ఉచితంగా మార్చారు అనుకుందాం. కొత్త బ్యాటరీ వచ్చింది కాబట్టి మళ్లీ 36 నెలలు అనుకుంటారు ఇంట్లో. కాదు. ఆ కొత్తదానికి ఉచిత గడువు అదే 2028 నవంబరు 13 వరకే, అంటే అయిదు నెలల లోపే. ఆ తర్వాత రెండేళ్లు డిస్కౌంటు గడువు. అందుకే మార్చిన రోజు కొత్త సీరియల్ నంబరును పాత కార్డు మీద రాయించి సీలు వేయించుకోవాలి, లేదా రీప్లేస్‌మెంట్ స్లిప్పు తీసుకోవాలి. లేకపోతే కార్డు మీద ఒక నంబరు, బ్యాటరీ మీద ఇంకో నంబరు ఉంటాయి. మిగిలిన కాలం కూడా చేజారుతుంది.

మూడో నిబంధన: ప్రో-రేటా లెక్క

మీరు అడిగిన నాలుగో ఏడు దీని కిందికే వస్తుంది. మీ కార్డులో ఉన్న పట్టిక ప్రకారం 37 నుంచి 48 నెలల మధ్య పాడైతే 30 శాతం, 49 నుంచి 60 నెలల మధ్య పాడైతే 20 శాతం తగ్గింపు. ఇది కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని కార్డుల్లో ఆరు నెలలకో మెట్టు ఉంటుంది. అసలు చూడాల్సింది ఆ శాతం దేని మీద అన్నది. “క్లెయిము నాటికి అమల్లో ఉన్న ఎంఆర్‌పీ మీద” అని రాసి ఉంది. మీరు కొన్న ధర మీద కాదు, ఆ రోజు షాపు ధర మీద కూడా కాదు.

బ్యాటరీల వ్యాపారంలో ఎంఆర్‌పీకి, షాపులో అమ్మే ధరకు చాలా తేడా ఉంటుంది. నాలుగేళ్ల తర్వాతి ధరలు ఇప్పుడు చెప్పలేం కాబట్టి ఊహించిన అంకెలతో లెక్క వేస్తాను. ఆ రోజు ఎంఆర్‌పీ 22,000 రూపాయలు, అదే బ్యాటరీ షాపులో 17,500కు అమ్ముతున్నారు, పాత బ్యాటరీ తిరిగి ఇస్తే 3,500 తగ్గిస్తున్నారు అనుకుందాం.

నాలుగో ఏట ప్రో-రేటా కింద 22,000లో 30 శాతం, అంటే 6,600 తగ్గుతుంది. మీరు కట్టేది 15,400. పాత బ్యాటరీ కంపెనీ తీసుకుంటుంది, దానికి వేరే విలువ కట్టరు. వారంటీ సంగతే ఎత్తకుండా మామూలుగా షాపుకు వెళ్లి పాతది ఇచ్చి కొత్తది కొంటే 14,000. అంటే వారంటీ వాడుకుంటే 1,400 ఎక్కువ. అయిదో ఏట అయితే 20 శాతం, అంటే 4,400 తగ్గి 17,600 అవుతుంది. షాపులో పాతది ఇవ్వకుండా కొన్న ధర కంటే కూడా వంద ఎక్కువ.

ఈ లెక్క వేసి చూపిస్తే కౌంటరు దగ్గర చాలామంది మొహాలు వాడిపోయేవి. ‘అయిదేళ్ల వారంటీ’ అన్న మాట నమ్మి ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లు వాళ్లు. బ్యాటరీ కొనేటప్పుడు పోల్చాల్సింది మొదటి అంకెనే. 36+24 కంటే 48+12 మంచిది, రెండూ కలిపితే 60 అయినా సరే.

అలాగని ప్రో-రేటాను ప్రతిసారీ వదులుకోమని కాదు. ఎంఆర్‌పీకి దగ్గరగా అమ్మే ఊళ్లలో, పాత బ్యాటరీకి సరైన ధర ఇవ్వని చోట కొంత లాభమే ఉంటుంది. ఆ రోజు రెండు ధరలూ కనుక్కుని, పాత బ్యాటరీ విలువ కూడా కలిపి చూసుకోండి. ప్రో-రేటా కింద కొన్నదానికి కొత్త వారంటీ మొదలవుతుందా లేదా అన్నది మీ కార్డులో రాయలేదు. అలాంటి పరిస్థితి వస్తే డబ్బు కట్టేముందు బిల్లు మీద రాయించుకోండి.

నాలుగో నిబంధన: దేనికి వర్తించదు

ఇది కార్డులో అన్నిటికంటే పొడుగైన పేరా. నా మాటల్లో: “కంటైనర్ పగలడం, టెర్మినల్ కరగడం లేదా విరగడం, సీరియల్ నంబరు చెరపడం, డిస్టిల్డ్ వాటర్ కాకుండా వేరే నీళ్లు గానీ యాసిడ్ గానీ పోయడం, ఇన్వర్టర్ లోపం వల్ల ఎక్కువగా లేదా తక్కువగా ఛార్జ్ కావడం, ఇంటి ఇన్వర్టర్‌కు తప్ప వేరే వాడకానికి పెట్టడం, కాలక్రమంలో సహజంగా సామర్థ్యం తగ్గడం, వీటితో సహా, అయితే వీటికి మాత్రమే పరిమితం కాకుండా, ఇటువంటి కారణాలకు వారంటీ వర్తించదు.”

చివర్లో ఉన్న ‘వీటికి మాత్రమే పరిమితం కాకుండా’ అన్నదాన్ని ఎవరైనా చదివి చెప్పేటప్పుడు తీసేస్తే పేరా అంతా తప్పుగా అర్థమవుతుంది. ఈ ఏడు కారణాలు లేకపోతే క్లెయిము వచ్చేసినట్టే అనుకుంటాం. నిజానికి జాబితాను తెరిచి ఉంచారు. అందుకే తిరస్కరించినప్పుడు ‘వారంటీ వర్తించదు’ అని నోటితో చెబితే ఒప్పుకోవద్దు. ఏ కారణం, దాన్ని ఎలా తేల్చారు అన్నది రాసి ఇమ్మనాలి.

అది ఎలా తేలుస్తారో కాస్త తెలిసి ఉంటే మీరే అడగగలుగుతారు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. టెక్నీషియన్ ముందు దాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి, హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్‌లో యాసిడ్ గ్రావిటీ, అంటే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూస్తాడు. బాగున్న ట్యూబులర్ బ్యాటరీలో పూర్తి ఛార్జ్ అయ్యాక ప్రతి సెల్ 1.240 చుట్టుపక్కల చూపిస్తుంది. అయిదు సెల్స్ 1.240 దగ్గర ఉండి ఒక్కటి 1.120 దగ్గర ఆగిపోయిందంటే ఆ సెల్ పోయినట్టు. తయారీ లోపానికి ఇదే స్పష్టమైన గుర్తు, క్లెయిము సాధారణంగా పాసవుతుంది. ఆరు సెల్సూ సమానంగా 1.180 దగ్గర ఉంటే కథ వేరు. బ్యాటరీకి సరిపడా ఛార్జింగ్ అందడం లేదు, లోపం ఇన్వర్టర్‌లోనో కరెంటు సరఫరాలోనో ఉంది అంటారు. చాలాసార్లు అది నిజమే. ఛార్జ్ చేసి తిరిగి ఇస్తారు, స్లిప్పు మీద ‘రీఛార్జ్ చేస్తే ఓకే’ అని రాస్తారు.

ఒక కేసు చెబుతాను. ఒక రైతు ఇంట్లో బ్యాటరీ రెండున్నరేళ్లకే అరగంట కూడా ఆగడం లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు ‘బోరు నీళ్లు పోశారు’ అని స్లిప్పు మీద ఒక్క ముక్క రాసి పంపేశారు. యాసిడ్ గోధుమ రంగుకు తిరగడమే వాళ్లు చూపిన ఆధారం. కానీ రంగు అలా మారడానికి లోపలి ప్లేట్ల పదార్థం రాలడం కూడా కారణం కావచ్చు. ఆరు సెల్స్ గ్రావిటీ రాసి ఇమ్మని ఆయన తరఫున మెయిల్ పెట్టాం. డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు కొన్న రసీదులు ఆయన దగ్గర ఉన్నాయి, వాటి ఫోటోలు జత చేశాం. రెండోసారి పరీక్షలో ఒక్క సెల్ మిగతావాటికంటే బాగా తక్కువగా వచ్చింది. బ్యాటరీ మార్చారు. రసీదులు లేకపోయినా, గ్రావిటీ అంకెలు అడగకపోయినా ఆ మొదటి ముక్కే చివరి మాట అయ్యేది.

అమ్మానాన్నలకు చెప్పాల్సింది ఒక్కటే: సెల్స్ మీద ఉన్న ఫ్లోట్ ఎర్ర గుర్తు వరకు దిగకముందే డిస్టిల్డ్ వాటర్ పోయించాలి, ఫిల్టర్ నీళ్లు పనికిరావు. రసీదు ఫోటో తీసి మీకు పంపమనండి. టెర్మినల్ కరగడం అన్నది సాధారణంగా నట్టు వదులైనప్పుడు జరుగుతుంది. వదులుగా ఉన్న చోట వేడెక్కి సీసం కరుగుతుంది. దాన్ని మాత్రం ఏ కంపెనీ ఒప్పుకోదు. ఫిట్టింగ్ చేసినాయన చేత ఒకసారి బిగింపు చూపించండి.

క్లెయిము గడువు ఎప్పుడు లెక్క

కార్డులో ‘వారంటీ కాలంలోపు క్లెయిము నమోదు కావాలి’ అని ఉంది. నమోదు అంటే కంప్లయింట్ నంబరు వచ్చిన రోజు. టెక్నీషియన్ ఇంటికి వచ్చిన రోజు కాదు, బ్యాటరీ పరీక్ష పూర్తయిన రోజూ కాదు. అందుకే చివరి నెలల్లో బ్యాటరీ నీరసంగా అనిపిస్తే డీలర్‌కు ఫోన్ చేసి చెప్పడంతో ఆగకండి. డీలర్ ‘రేపు మనిషిని పంపిస్తా’ అంటూ రెండు వారాలు గడిపితే ఆ రెండు వారాలకు రుజువు ఉండదు. కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి, నంబరుతో వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచండి. మీ విషయంలో 2028 అక్టోబరు మొదట్లో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, బ్యాటరీ బ్యాకప్ ఎంతసేపు వస్తోందో ఒకసారి చూడమని నాన్నగారికి చెప్పండి. తేడా ఉంటే ఆరు వారాల సమయం మిగులుతుంది.

ఇంకో మాట, ‘బ్యాటరీని సర్వీస్ సెంటర్‌కు చేర్చే ఖర్చు కొనుగోలుదారుదే, పరీక్ష కాలంలో వేరే బ్యాటరీ ఇవ్వబడదు’ అని ఉంది. 150 ఏహెచ్ బ్యాటరీ యాసిడ్‌తో కలిపి యాభై కిలోలు దాటుతుంది, పెద్దవాళ్లు మోసేది కాదు. మీకు అమ్మిన డీలర్‌కే సర్వీస్ అధికారం ఉందో లేదో ఇప్పుడే అడగండి. లేకపోతే ఆటో ఖర్చు, మనిషి ఖర్చు మీ మీదే.

‘కంపెనీ నిర్ణయమే అంతిమం’

కార్డు చివర్లో కనిపిస్తున్న నిబంధనలు రెండు. ఒకటి, లోపం ఉందా లేదా అన్నదాంట్లో కంపెనీ నిర్ణయమే అంతిమం అని. రెండు, వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల పరిధిలోనే అని. వీటిని చదివి చాలామంది ఇక చేసేదేమీ లేదని వదిలేస్తారు. అలా వదలాల్సిన పని లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలని 69వ సెక్షన్ చెబుతుంది. క్లెయిము తిరస్కరించిన తేదీ ఉన్న కాగితం ఇక్కడ కూడా పనికొస్తుంది. అయిదు లక్షల లోపు విలువకు కమిషన్‌లో ఫీజు లేదు.

దానికి ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు ఇవ్వండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. నా అనుభవంలో బ్యాటరీల విషయం కోర్టు దాకా వెళ్లడం అరుదు. గ్రావిటీ అంకెలు, బిల్లు, కంప్లయింట్ నంబరు మూడూ జతచేసి ఆ హెల్ప్‌లైన్ ద్వారా పంపితే కంపెనీ పై ఆఫీసు వాళ్లు ఫైలు మళ్లీ తెరిచిన సందర్భాలు చూశాను.

ఇంట్లో ఇన్వర్టర్ పక్కన గోడకు అంటించడానికి ఈ నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వండి:

ఉచితంగా మార్చే గడువు 2028 నవంబరు 13 వరకు.
డిస్కౌంటు గడువు 2030 నవంబరు 13 వరకు, కొనేముందు షాపు ధర కూడా అడగాలి.
డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, రసీదు ఫోటో తీయాలి.
బ్యాటరీ తీసుకెళ్లేవాళ్లు స్లిప్పు ఇవ్వందే పంపకూడదు.

మీ మూడో ఫోటోలో కార్డు కింది అంచు కోసుకుపోయింది. అక్కడ ఇంకో రెండు లైన్లు ఉన్నట్టు కనిపిస్తోంది, ‘ఇన్వర్టర్ సామర్థ్యం’ అన్న ముక్క మాత్రం చదవగలిగాను. కొన్ని కంపెనీలు ఎంత వీఏ ఇన్వర్టర్‌కు మించి వాడకూడదో అక్కడే రాస్తాయి. మీ ఇన్వర్టర్ రేటింగ్‌తో పాటు ఆ అంచు ఫోటో మళ్లీ పెట్టండి, చూసి చెబుతాను.